వైరల్ ఫోటో మొదట ఎక్కడ కనిపించింది? వెనక్కి నడిచి పట్టుకునే పద్ధతి

2015 ఏప్రిల్ 25న మధ్యాహ్నం 12 గంటలు కావస్తుండగా నేపాల్‌లో భూమి కంపించింది. కొద్ది రోజులకే ఒక ఫోటో దేశదేశాలూ తిరగడం మొదలుపెట్టింది. అందులో నాలుగేళ్లుండే బాబు తన చిట్టి చెల్లెలిని పొదివి పట్టుకుని ఉంటాడు. పాప బెదిరిపోయి అన్నకు అతుక్కుపోయి ఉంటుంది. నేపాల్ భూకంపంలో రెండేళ్ల చెల్లెలికి అండగా నిలిచిన నాలుగేళ్ల అన్న అని దాని కింద రాత. ఆ ఫోటోను చూపి విరాళాలు అడిగినవారూ ఉన్నారు.

ఆ పిల్లలకూ నేపాల్‌కూ సంబంధం లేదు. వియత్నాం ఉత్తర కొసన అప్పట్లో ఉన్న హా జాంగ్ రాష్ట్రంలో, కాన్ టీ అనే కొండ గ్రామంలో, నా సన్ న్గుయెన్ అనే ఫోటోగ్రాఫర్ 2007లో తీసిన చిత్రం అది. తల్లిదండ్రులు పొలం పనికి వెళ్లగా పిల్లలిద్దరూ ఇంటి ముందు ఆడుకుంటున్నారు. కొత్త మనిషిని చూసి పాప ఏడుపు అందుకుంది. అన్న దగ్గరకు తీసుకున్నాడు. జరిగింది అంతే. 2015 మే మొదటి వారంలో బీబీసీ ఆ ఫోటోగ్రాఫర్‌తో మాట్లాడి ఈ సంగతి ప్రచురించింది. అప్పటికే అదే ఫోటో వియత్నాంలో దిక్కులేని అనాథల ఫోటోగా, మరోచోట బర్మా అనాథలుగా, ఇంకోచోట సిరియా యుద్ధ బాధితులుగా తిరిగి వచ్చింది.

ఇలాంటి ఫోటో మీ ఫోనుకు వచ్చినప్పుడు వెనక్కి ఎలా నడవాలో ఈ ఫోటోనే పట్టుకుని చెబుతాను. వీలైతే దాన్ని వెతికి దింపుకుని, చదువుతూనే మీరూ చేసి చూడండి.

ముందు కాగితం మీద రెండు ప్రశ్నలు

వెతుకులాట మొదలుపెట్టే ముందు ఫోటో కింద ఉన్న రాత ఏ ఊరు, ఏ రోజు అంటున్నదో రాసి పెట్టుకోండి. మన ఉదాహరణలో నేపాల్, 2015 ఏప్రిల్ 25. ఈ తేదీని గీత అనుకుందాం. ఇక మీ ముందున్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఈ ఫోటో ఆ గీతకు ముందే ఎక్కడైనా ఉందా అన్నది మొదటిది. దీన్ని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు తీశారు అన్నది రెండోది.

చాలామంది ఈ రెంటినీ కలిపేసుకుని మధ్యలో విసిగిపోతారు. మొదటి ప్రశ్నకు జవాబు తరచూ పది నిమిషాల్లో దొరుకుతుంది. గీతకు ఒక్క రోజు ముందు అదే ఫోటో ఉన్న పేజీ ఒక్కటి నమ్మకంగా దొరికితే నేపాల్ కథ కూలిపోతుంది. ఆ పేజీ అసలు మూలం కానవసరం లేదు, అందులోని కథ నిజం కానవసరమూ లేదు. 2013లో ఎవరో బర్మా అనాథలు అని పెట్టిన తప్పుడు పోస్టు అయినా సరే, 2015 భూకంపం గురించిన రాతను కొట్టివేయడానికి అది చాలు. రెండో ప్రశ్నకు మాత్రం గంటలు పట్టవచ్చు, అసలు దొరకకపోవచ్చు కూడా. అందుకే ముందు మొదటిదాన్ని తేల్చుకోండి.

చేతిలో ఉన్న ప్రతిని శుభ్రం చేయండి

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఎన్నో చేతులు మారి ఉంటుంది. ప్రతి మార్పిడిలోనూ చిన్నదై, నాణ్యత తగ్గి, ఎవరో ఒకరి రాత పైన పడి ఉంటుంది. అందులోని కెమెరా వివరాలు, అంటే ఏ రోజు ఏ కెమెరాతో తీశారన్న సమాచారం, వాట్సాప్ మామూలు ఫోటోగా పంపేటప్పుడే తీసివేస్తుంది. కాబట్టి ఫైలు లక్షణాలు తెరిచి తేదీ వెతకడం వృథా. ఆండ్రాయిడ్ ఫోనులో ఫైలు పేరు `IMG-20150428-WA0012.jpg` లాగా కనిపిస్తే అది ఫోటో తీసిన తేదీ అని పొరబడకండి. వాట్సాప్ ద్వారా మీ ఫోనుకు చేరిన రోజు మాత్రమే అది.

పంపినవారు స్క్రీన్‌షాట్ పంపి ఉంటే అందులో ఫోను పైపట్టీ, పోస్టు పెట్టినవారి పేరు, కింద లైకుల సంఖ్య అన్నీ ఉంటాయి. వాటిని కత్తిరించి ఫోటో మాత్రమే మిగల్చండి. ఫోటో అంచున తెలుగులోనో హిందీలోనో రాత అతికించి ఉంటే ఆ భాగాన్నీ కత్తిరించండి. వెతికే యంత్రం ఆ రాతను కూడా బొమ్మలో భాగంగానే చూస్తుంది. అలాంటి రాత ఉన్న ప్రతులనే, అంటే ఇటీవలి ప్రతులనే, ముందుకు తెచ్చే ప్రమాదం ఉంది. మనకు కావలసింది దీనికి సరిగ్గా ఎదురు దిశ.

కత్తిరించిన దానితో పాటు వచ్చినది వచ్చినట్టు ఉన్న ప్రతిని కూడా దాచండి. ఆ రాత ఎక్కడ మొదలైందో తరువాత చూడవలసి వస్తే అది పనికొస్తుంది.

మూడు చోట్ల వెతకండి, మూడింటినీ వేర్వేరు పనులకు

మొదట టిన్‌ఐ. `tineye.com` తెరిచి ఫోటో ఎక్కించండి. కెనడాలోని టొరంటో నుంచి 2008లో మొదలైన సేవ ఇది. దీని బలం ఒక్కటే: ఇది పోలికలు ఉన్న వేరే ఫోటోలను చూపదు, అదే ఫోటో ప్రతులను వెతుకుతుంది. కత్తిరించినా, చిన్నది చేసినా, రంగు మార్చినా చాలాసార్లు గుర్తుపడుతుంది. ఫలితాలు వచ్చాక వాటిని పేర్చే వరుసను మార్చే చోట `Oldest` ఎంచుకోండి. ప్రతి ఫలితం పక్కన ఒక తేదీ కనిపిస్తుంది. టిన్‌ఐ యంత్రం ఆ ఫోటోను ఆ చోట మొదట చూసిన రోజు అది. పేజీ రాసిన రోజు కాదు. ఫోటో ఆ రోజుకల్లా ఇంటర్నెట్‌లో ఉందని దాని అర్థం. అంతకు ముందు ఎన్నాళ్లుగా ఉందో దాని వల్ల తెలియదు. మన గీతకు ముందు తేదీ ఇక్కడ ఒక్కటి కనబడినా మొదటి ప్రశ్న దాదాపు తేలినట్టే. దాదాపు అని ఎందుకు అన్నానో కాసేపట్లో చెబుతాను.

టిన్‌ఐ ఏమీ చూపకపోతే నిరాశ పడనక్కర లేదు. దానికి తెలిసిన పేజీలు గూగుల్‌కు తెలిసినవాటి కంటే చాలా తక్కువ. ఫోటో కొత్తదని దాని మౌనం చెప్పదు.

తరువాత గూగుల్ లెన్స్. కంప్యూటర్‌లో `images.google.com` తెరిచి కెమెరా గుర్తు నొక్కి ఫోటో ఎక్కించండి. ఫోనులో అయితే గూగుల్ యాప్‌లోని కెమెరా గుర్తుతో అదే పని అవుతుంది. లెన్స్ మొదట చూపేవి పోలిక ఉన్న బొమ్మలు. చెల్లిని ఎత్తుకున్న వేరే అన్నలు, అలాంటి దుస్తులు, అలాంటి గోడలు. ఇక్కడే చాలామంది ఆగిపోయి ఏమీ దొరకలేదని అనుకుంటారు. అదే ఫోటో ఉన్న పేజీల జాబితా కావాలంటే `Exact matches` అన్న ట్యాబ్‌లోకి వెళ్లాలి. అక్కడ కొన్ని ఫలితాల పక్కన తేదీలు కనిపిస్తాయి. పైనున్నవి చూసి వదిలేయకుండా చివరి దాకా జరుపుతూ వెళ్లండి. వైరల్ అయిన ఫోటో విషయంలో పై ఫలితాలన్నీ వైరల్ అయిన వారానివే ఉంటాయి. మనకు కావలసినవి ఆ గుట్ట అడుగున ఉంటాయి.

మూడోది యాండెక్స్. రష్యాకు చెందిన ఈ సేవ, ముఖాలు, కట్టడాలు, కొండలు ఉన్న ఫోటోలలో గూగుల్‌కు దొరకనివి చాలాసార్లు పట్టుకుంటుంది. `yandex.com/images` లో ఇదే విధంగా ఫోటో ఎక్కించవచ్చు. ఏ ఊరో తెలియని వీధి, ఏ దేశమో తెలియని దుస్తులు ఉన్నప్పుడు ఇక్కడికి తప్పక రండి.

ఒకే ఫోటోను మూడు రూపాల్లో పెట్టి చూడడం నా అలవాటు: పూర్తిగా, ముఖ్యమైన భాగం మాత్రమే ఉండేలా కత్తిరించి, కుడిఎడమలు తిప్పి. అద్దంలో చూసినట్టు తిప్పేసిన ఫోటోలు చాలా తిరుగుతుంటాయి, వెతికే యంత్రాలు వాటి దగ్గర తడబడతాయి. ఫోటోలో దుకాణం బోర్డు అక్షరాలు తిరగబడి కనిపిస్తే, చొక్కా గుండీలు ఎదురు వైపున ఉంటే, తిప్పి చూడడం మరిచిపోవద్దు.

గీతకు అవతలి వైపే చూడండి

వైరల్ అయిన వారంలో వేలాది పేజీలు ఒకే ఫోటోను పెడతాయి. వాటి మధ్య పాత పేజీ మునిగిపోతుంది. లెన్స్‌లో తేదీ ప్రకారం వరుస మార్చుకునే సౌకర్యం లేదు. మాటలతో చేసే మామూలు గూగుల్ వెతుకులాటలో మాత్రం ఉంది. ఏ తేదీకి ముందువి కావాలో చెప్పే ఆదేశం `before:`. దీన్ని మాటల పక్కన రాయాలి:

```
brother sister orphans photo before:2015-04-25
```

ఇలా రాసి బొమ్మల ట్యాబ్‌కు వెళితే ఆ తేదీ తరువాతి గుట్ట చాలావరకు తొలగిపోతుంది. ఇక్కడ మాటల ఎంపిక ముఖ్యం. నేపాల్ అని రాస్తే నేపాల్ కథలే వస్తాయి. ఫోటో కింద ఉన్న రాతను పక్కన పెట్టి, ఫోటోలో కళ్లకు కనిపించేది రాయండి. ఇద్దరు పిల్లలు, అన్నాచెల్లెళ్లు, కొండ గ్రామం. మునుపటి ఫలితాల్లో ఎక్కడైనా బర్మా అనో వియత్నాం అనో కనిపించి ఉంటే ఆ పేరు చేర్చండి.

ఆ పేరు దొరకగానే భాష మార్చడం అతి ముఖ్యమైన అడుగు. ఫోటో పుట్టిన చోట దాని గురించి అక్కడి భాషలోనే రాసి ఉంటారు. ఇంగ్లిషులో ఎంత వెతికినా ఆ పేజీలు పైకి రావు. మన ఉదాహరణకు వియత్నామీ భాషలో ఇలా అడగవచ్చు:

```
"Hà Giang" hai anh em before:2015-04-25
```

ఇందులో `hai anh em` అంటే తోబుట్టువులు ఇద్దరు. ఆ భాష రానక్కర లేదు. గూగుల్ అనువాదంలో రెండు మూడు మాటలు తయారు చేసుకుని, వచ్చిన పేజీని మళ్లీ అదే అనువాదంతో చదివితే చాలు. మన తెలుగు ఫోటో ఒకటి బంగ్లాదేశ్‌లోనో బ్రెజిల్‌లోనో తప్పుడు కథతో తిరిగితే, అక్కడివారు తెలుగులో వెతికినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది కదా. ఇదీ అంతే.

తేదీని నమ్మే ముందు దాన్ని పరీక్షించండి

నా అనుభవంలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పాత తేదీ కనబడగానే కలిగే సంతోషంలో దాన్ని పరీక్షించడం మరిచిపోతాం. నేనూ ఒకసారి ఒక వరద ఫోటో మూడేళ్ల పాతదని బంధువుల గ్రూపులో రాసేశాను. ఒక వార్తా పేజీ తేదీ చూసి అలా రాశాను. ఆ రాత్రి మళ్లీ తెరిచి చూస్తే ఫోటో ఆ వార్తలో లేదు. పేజీ పక్కన ఉండే తాజా వార్తల పట్టీలో చిన్న బొమ్మగా ఉంది. పాత వార్త పేజీలో కొత్త పట్టీ వచ్చి చేరింది. గూగుల్ ఆ పేజీ తేదీని ఫోటో పక్కన చూపింది. ఫోటో నిజంగానే ఆ వారానిది. మరునాడు అదే గ్రూపులో నా మాట తప్పని రాసుకోవలసి వచ్చింది.

అప్పటి నుంచి పాత తేదీ దొరికిన ప్రతిసారీ ఒక క్రమం పాటిస్తున్నాను. ముందుగా పేజీ తెరిచి ఫోటో అసలు వ్యాసంలో ఉందో, పక్క పట్టీలోనో, వ్యాఖ్యల్లోనో ఉందో చూస్తాను. వ్యాఖ్యలో ఉంటే ఆ వ్యాఖ్య తేదీయే లెక్క, వ్యాసం తేదీ కాదు. తరువాత ఫోటో మీద కుడి నొక్కు నొక్కి దాన్ని వేరే ట్యాబ్‌లో తెరిచి చిరునామా చూస్తాను. చాలా బ్లాగుల్లో ఫోటో చిరునామాలోనే ఎక్కించిన సంవత్సరం, నెల ఉంటాయి:

```
/wp-content/uploads/2012/09/photo.jpg
```

వ్యాసం 2009 నాటిదై, ఫోటో చిరునామాలో 2015/04 అని ఉంటే, పాత వ్యాసంలో కొత్త ఫోటో పెట్టారని సందేహించాలి.

చివరిది, అన్నిటికంటే గట్టి పరీక్ష, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్. `web.archive.org` లో పేజీ చిరునామా అతికిస్తే ఆ పేజీని ఏయే రోజుల్లో భద్రపరిచారో క్యాలెండర్ మీద చుక్కలుగా కనిపిస్తుంది. గీతకు ముందున్న చుక్కను నొక్కి తెరవండి. ఫోటో ఆ పేజీలో కనబడితే ఇక సందేహం లేదని అనిపిస్తుంది, కానీ అక్కడా ఒక మెలిక ఉంది. ఆర్కైవ్ పేజీలోని రాతనూ బొమ్మలనూ వేర్వేరు ఫైళ్లుగా, ఒక్కోసారి వేర్వేరు రోజుల్లో దాస్తుంది. మీరు 2012 నాటి పేజీ తెరిచినా, అందులోని బొమ్మ 2012లో దొరకకపోతే దగ్గరలో ఉన్న మరో తేదీ ప్రతిని తెచ్చి అతికిస్తుంది. ఆ తేదీ 2015 కూడా కావచ్చు. దీన్ని పట్టుకోవడానికి పేజీ పైన ఉండే పట్టీలో కుడి మూల `About this capture` నొక్కండి. పేజీలోని ఒక్కో భాగం ఏ రోజుదో, ప్రధాన పేజీకి ఎంత ఎడంగా దాచారో అక్కడ జాబితాగా కనిపిస్తుంది. మన ఫోటో ఫైలు పేరు ఎదురుగా ఉన్న ఎడం గీతను దాటకుండా ఉంటేనే ఆ సాక్ష్యం నిలుస్తుంది. టిన్‌ఐ దగ్గర దాదాపు అన్నది ఈ పరీక్ష మిగిలి ఉందనే. యంత్రం చూపిన తేదీని మీరు ఇంకోచోట ఒక్కసారైనా సరిచూసుకోవాలి.

సామాజిక మాధ్యమాల తేదీల గురించి ఒక మాట. ఫేస్‌బుక్‌లో పోస్టుకు వెనకటి తేదీ పెట్టుకునే వీలు ఉంది. బ్లాగుల్లో కూడా రాసినవారే తేదీ మార్చుకోవచ్చు. కాబట్టి ఒక్కరి పేజీలోని ఒక్క తేదీని ఆధారం చేసుకోకండి. దాని కింద అదే రోజుల్లో పదిమంది వ్యాఖ్యలు ఉన్నాయా, అప్పట్లో ఇంకెవరైనా ఆ పోస్టుకు లింకు ఇచ్చారా చూడండి. ఒకరు తేదీ మార్చగలరు, పదిమంది వ్యాఖ్యల తేదీలు మార్చడం కష్టం. ఇక పోస్టు తేదీ సంఘటన జరిగిన రోజే అయితే గంటల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందు ఉంటుంది. అమెరికాలో పెట్టిన పోస్టు మీద అప్పటికింకా ముందు రోజు తేదీ ఉండవచ్చు. అలాంటి ఒక రోజు తేడాతో తీర్పు చెప్పకండి. ఇంకా పాతది వెతకండి.

ప్రతుల్లో పెద్దన్నను గుర్తుపట్టడం

మొదటి ప్రశ్న తేలాక రెండోదానికి వద్దాం. ఇప్పుడు మీ దగ్గర ఇరవయ్యో ముప్పయ్యో పాత ప్రతులు ఉన్నాయి. వాటిలో ఏది దేనికి నకలు? తేదీలు లేకపోయినా ఫోటో అంచులు ఆ సంగతి చెబుతాయి.

ఒకే ఫోటో ప్రతులను రెండు ట్యాబ్‌లలో పక్కపక్కన తెరవండి. నాలుగు అంచులూ జాగ్రత్తగా పోల్చండి. ఒకదానిలో ఎడమ వైపు కొంచెం ఎక్కువ నేల, ఎక్కువ గోడ కనిపిస్తే, తక్కువ ఉన్న ప్రతి నుంచి ఎక్కువ ఉన్న ప్రతి మామూలుగా పుట్టదు. కత్తిరించి పారేసిన గోడ దానంతట అది తిరిగి మొలవదు. అంటే అంచులు ఎక్కువ ఉన్నది వంశంలో పైతరానిది, దాని పేజీ తేదీ తరువాతిదైనా సరే. ఇలా పోల్చుతూ వెళితే ముప్పై ప్రతులు మూడు నాలుగు కుటుంబాలుగా విడిపోతాయి. ఒక కుటుంబమంతా ఒకే విధంగా కత్తిరించినదో, నలుపు తెలుపులోకి మార్చినదో కావచ్చు. అనాథల కథ లాంటిది ఏ కుటుంబంతో మొదలైందో అప్పుడు కనిపిస్తుంది. కథ పుట్టిన చోటు, ఫోటో పుట్టిన చోటు వేరని అక్కడే అర్థమవుతుంది.

పెద్ద కొలతలు ఉన్న ప్రతి మూలానికి దగ్గరగా ఉంటుందన్నది కూడా పనికొచ్చే సూత్రమే. టిన్‌ఐలో `Biggest image` వరుస ఇందుకోసమే. కానీ ఇప్పుడు చిన్న ఫోటోను సాగదీసి పెద్దది చేసే పరికరాలు విరివిగా ఉన్నాయి. కాబట్టి కొలత ఒక్కటే చూడకుండా దగ్గరగా లాగి చూడండి. కనురెప్పలు, బట్టల నేత దారాలు విడివిడిగా కనిపిస్తే అది నిజంగా పెద్ద ప్రతి. నున్నగా, మైనం పూసినట్టు ఉంటే సాగదీసినది.

ఫోటో మీద ఎవరి పేరైనా ముద్ర ఉంటే అది తీసినవారి పేరనే తొందరలో పడకండి. వేరేవారి ఫోటో మీద తమ పేజీ పేరు ముద్రించుకునేవారు చాలా ఎక్కువ. అసలు తీసినవారి దగ్గర మూడు విషయాలు ఉంటాయి: అంచులు పూర్తిగా ఉన్న పెద్ద ప్రతి, అదే చోట అదే సమయంలో తీసిన మరికొన్ని ఫోటోలు, ఊరి పేరుతో సహా అప్పటి సంగతి. పిల్లల ఫోటో విషయంలో చిక్కుముడి విప్పింది మూడోదే. పొలానికి వెళ్లిన తల్లిదండ్రులు, ఇంటి ముందు ఆట, పాప ఏడుపు, ఊరి పేరు. ఇలాంటి చిన్న చిన్న వివరాలు నకలు పెట్టేవారి దగ్గర ఉండవు. వాళ్ల కథల్లో కన్నీళ్లు ఉంటాయి, ఊరి పేరు ఉండదు.

ఇంకొక సంగతి కూడా ఈ ఫోటో నేర్పుతుంది. తీసింది 2007లో. ఫోటోగ్రాఫర్ తరువాత తన బ్లాగులో పెట్టుకుంటే అక్కడి నుంచి అది జనంలోకి వెళ్లింది. ఫోటో పెట్టి వెతికే ఈ రివర్స్ ఇమేజ్ సెర్చ్ ఎంత బాగా చేసినా చేరగలిగేది ఇంటర్నెట్‌లో మొదట కనబడిన చోటికే. మీట నొక్కిన రోజు తెలియాలంటే తీసిన మనిషిని అడగాలి. పేరు దొరికితే మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. చాలామంది ఫోటోగ్రాఫర్లు తమ చిత్రం మీద పడిన అబద్ధాన్ని తొలగించడానికి ఆసక్తిగా జవాబిస్తారు. న్గుయెన్ కూడా తన ఫోటో అసలు కథ చెప్పి సరిదిద్దడానికి ఎంతో ప్రయత్నించారు.

ఫోటో రెండు ముక్కల అతుకు అయితే

ఒక్కోసారి పూర్తి ఫోటోను పెట్టి ఎంత వెతికినా ఒక తేదీ దగ్గర దారి మూసుకుపోతుంది. వరదలో మునిగిన రోడ్డు మీద కారు పక్కన సొరచేప ఈదుతున్న ఫోటో మీరు చూసే ఉంటారు. 2017లో అమెరికాలో హార్వీ తుఫాను హ్యూస్టన్ నగరాన్ని ముంచినప్పుడు అది మళ్లీ పైకి వచ్చింది. దాన్ని వెనక్కి లాగితే 2011 ఆగస్టులో ప్యూర్టోరికోలో ఐరీన్ తుఫాను నాటి ప్రతులు దొరుకుతాయి. అంతకు ముందు ఏమీ ఉండదు. ఇక్కడ ఆగితే 2011 నాటి నిజమైన ఫోటో అని పొరబడతాం.

ఇలాంటప్పుడు సొరచేప మాత్రమే మిగిలేలా కత్తిరించి వెతకాలి. లెన్స్‌లో ఫోటో మూలలను లాగి ఒక్క భాగాన్నే ఎంచుకునే వీలు ఉంది. అలా చేస్తే వేరే ఫోటో బయటపడుతుంది: దక్షిణాఫ్రికా సముద్రంలో పసుపు రంగు చిన్న పడవ, దాని వెనకే ఒక పెద్ద సొరచేప. థామస్ పెషాక్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఆ చిత్రాన్ని 2005లో ఆఫ్రికా జియోగ్రాఫిక్ పత్రిక ప్రచురించింది. సొరచేపను అక్కడి నుంచి కత్తిరించి వరద రోడ్డు మీద అతికించారు. నీటి మీద నీడ పడే దిక్కు, ఒక్క వస్తువు చుట్టూ మాత్రమే తేడాగా ఉన్న నీటి అలలు చూసి అతుకు అనిపిస్తే, అనుమానం ఉన్న ముక్కను విడిగా వెతకండి. మిగిలిన నేపథ్యాన్ని కూడా విడిగా వెతకండి.

దొరికింది ఎలా రాయాలి

ఇంత చేశాక కూడా, ఇదే మొట్టమొదటి ప్రతి అని రాయకండి. వాట్సాప్ గ్రూపులు, తాళం వేసిన ఫేస్‌బుక్ పేజీలు, మూతపడిన బ్లాగులు ఏ వెతికే యంత్రానికీ కనిపించవు. మీకు దొరికిన తేదీ కంటే ఫోటో పాతది కావచ్చు, కొత్తది మాత్రం కాదు. కాబట్టి మాట ఆ మేరకే ఉండాలి. గ్రూపులో నేనైతే ఇలా రాస్తాను:

"ఈ ఫోటో నేపాల్ భూకంపానిది కాదు. 2015 ఏప్రిల్ 25 కంటే ముందే ఈ పేజీలో ఉంది, లింకు ఇది. వియత్నాంలో 2007లో తీసినట్టు ఫోటోగ్రాఫర్ స్వయంగా చెప్పారు, ఆ వార్త లింకు ఇది."

లింకు లేకుండా పంపితే మీ మాట కూడా మరో ఫార్వర్డుగానే మిగిలిపోతుంది. పంపే ముందు ఆ పాత పేజీ చిరునామాను `web.archive.org/save` లో పెట్టి భద్రపరచండి. పాత బ్లాగులు చెప్పకుండా మాయమవుతుంటాయి. వచ్చే భూకంపానికి ఇదే ఫోటో ఇంకో దేశం పేరుతో మళ్లీ మీ ఫోనుకు చేరినప్పుడు, ఆ భద్రపరిచిన లింకు ఒక్కటి ఉంటే మళ్లీ మొదటి నుంచి వెతకనక్కర ఉండదు.